బొమ్మ చెడిపోలేదు, చెడగొట్టారు!

బెంగళూరులో చదువుకుంటున్న మనవడు హోసూరులోని ఇంటివాళ్ల వాట్సాప్ గ్రూపులో ఒక బొమ్మ పెట్టాడనుకుందాం. అందులో మొహం నారింజ రంగులో మండిపోతుంటుంది. కళ్లలోంచి టార్చిలైటు వెలుగులు వస్తుంటాయి. అక్షరాల చుట్టూ మురికి. బొమ్మంతా చిన్న చిన్న గడులుగా విరిగిపోయి ఉంటుంది. కింద రాసిందానికి తలాతోకా ఉండదు. అయిదు నిమిషాల్లో తాతగారి ఫోను వస్తుంది. "ఒరేయ్, నువ్వు పంపింది సరిగా రాలేదురా, ఇంకోసారి పంపు" అంటారాయన. "వచ్చింది తాతా, అది అట్లే ఉంటుంది, అదే జోకు" అంటాడు వాడు. ఫోను పెట్టేశాక ఇద్దరికీ ఒకటే అనుమానం. ఎదుటివాడికి ఏమైనా అయిందా?

ఇద్దరికీ ఏమీ కాలేదు. ఆ బొమ్మ దారిలో చెడిపోయింది కాదు. ఒకరు పనిగట్టుకుని, సెట్టింగులు తిప్పి చెడగొట్టింది. ఇంగ్లీషులో ఈ రకానికి 'డీప్ ఫ్రైడ్ మీమ్' అని పేరు. నూనెలో మునిగేదాకా వేయించిన బొమ్మ అన్నమాట. అమెరికా కుర్రకారు 2015 ప్రాంతంలో టంబ్లర్‌లో మొదలుపెట్టిన ఈ అలవాటు 2017 నాటికి రెడిట్‌లో పెద్ద ఊపు అందుకుంది. అక్కడి నుంచి అన్ని భాషల ఫోన్లలోకీ పాకింది. దీన్ని పిచ్చిపనిగా కొట్టిపారేసేవాళ్లు చాలామందే ఉన్నారు. అది తొందరపాటు. దీని వెనుక ఒక లెక్క ఉంది, ఒక తమాషా ఉంది, అందరూ పట్టించుకోవాల్సిన ఒక ప్రమాదమూ ఉంది.

జెరాక్సుకు జెరాక్సు

పాతతరానికి ఈ సంగతి అర్థం కావడం కష్టమేమీ కాదు. జెరాక్సు తీసిన కాగితాన్ని మళ్లీ జెరాక్సు తీస్తే అక్షరం లావెక్కుతుంది. దాన్ని ఇంకోసారి తీస్తే సున్నా పూడిపోతుంది. వీడియో క్యాసెట్ల కాలంలో తెలుగు సినిమా కోసం చేతులు మారిన కాపీలు చూసినవాళ్లకు నాలుగో కాపీలో హీరో మొహం ఎలా ఉండేదో గుర్తుండే ఉంటుంది. బొమ్మ ఎంత చెడితే అంతమంది చేతులు మారిందని అర్థం.

కంప్యూటర్ వచ్చాక ఈ బాధ పోయిందనుకున్నారు. ఫైలును మక్కీకి మక్కీ కాపీ చేస్తే నిజంగానే ఏమీ పోదు. పోయేదల్లా దాన్ని మళ్లీ కుదించి భద్రపరిచినప్పుడు. ఫోన్లలో ఫొటోలను దాచే జేపెగ్ పద్ధతి 1992 నుంచి అమల్లో ఉంది. అది ఫొటోను నిలువునా అడ్డంగా ఎనిమిదేసి చుక్కలుండే గడులుగా కోస్తుంది. ఒక్కో గడిలో 64 చుక్కలు. 1080 చుక్కల పొడవు, 1080 చుక్కల వెడల్పు ఉన్న ఫొటో అయితే 18,225 గడులవుతాయి. గడిలోని వెలుగును 64 అంకెలుగా రాసుకుంటుంది. మొదటి అంకె ఆ గడి మొత్తానికి సగటు వెలుగు. మిగిలిన 63 అంకెలు అందులోని సన్నని గీతలు, అంచులు, నూగు వంటి వివరాలు. నాణ్యత తగ్గించి భద్రపరచడమంటే ఈ 63లో వీలైనన్నింటిని సున్నా చేసేయడమే.

నాణ్యతకు 1 నుంచి 100 దాకా కొలత ఇచ్చే సాఫ్ట్‌వేర్లలో మామూలుగా 75కు, 90కి మధ్య ఉంచుతారు. అప్పుడు పోయినదేమిటో కంటికి తెలియదు. 'వేపుడు' చేసేవాడు దాన్ని 5కో 10కో దించుతాడు. దాంతో చాలా గడుల్లో సగటు అంకె ఒక్కటే మిగులుతుంది. గడికి గడికి మధ్య అతుకు బయటపడి బొమ్మ బండలు పరిచిన నేలలా కనిపిస్తుంది. నల్లని అక్షరం తెల్లని కాగితాన్ని తాకే చోట మాత్రం ఒకటి రెండు అంకెలు మిగిలి, అవి సరిపోక అంచుల చుట్టూ మురికి చేరుతుంది. ఈ మురికికి ఇంజనీర్లు పెట్టుకున్న పేరు 'దోమల రొద'. దీపం చుట్టూ దోమలు ముసిరినట్టే ఉంటుంది మరి.

ఇక్కడ ఒక అపోహ తీరాలి. ఒకే బొమ్మను అదే సాఫ్ట్‌వేర్‌లో, అదే కొలతలో వందసార్లు భద్రపరిచినా, మొదటి కొన్నిసార్ల తర్వాత పెద్దగా చెడదు. సున్నా అయినవి ఎలాగూ సున్నాలే. మళ్లీ మళ్లీ చెడాలంటే బొమ్మ సైజు మారాలి, అంచు కత్తిరించాలి, లేదా స్క్రీన్‌షాట్ తీయాలి. అప్పుడు గడుల గీతలు కొత్తచోట పడతాయి. పాత అతుకులే కొత్త వివరాలైపోతాయి. వాట్సాప్‌లో వచ్చిందాన్ని ఊరికే ఫార్వర్డ్ చేస్తే మామూలుగా నాణ్యత తగ్గదు. స్క్రీన్‌షాట్ తీసి, ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టి, అక్కడి నుంచి మళ్లీ స్క్రీన్‌షాట్ తీసి పంపితేనే బొమ్మ నలుగుతుంది. మీమ్‌లు తిరిగే దారి ఇదే కాబట్టి అవి మిగతా ఫొటోలకంటే తొందరగా ముసలివవుతాయి.

మొహం ఎందుకు పచ్చబడుతుంది?

గడులు, మురికి సరే. ఆ నారింజ రంగు మాటేమిటి? ఇదొక చిన్న గుణకారం. కంప్యూటర్‌కు ప్రతి చుక్కా మూడు అంకెలు: ఎరుపు, ఆకుపచ్చ, నీలం. ఒక్కోటి 0 నుంచి 255 దాకా ఉండొచ్చు. చామనఛాయ మొహంలో ఒక చుక్క తీసుకుంటే ఎరుపు 200, ఆకుపచ్చ 150, నీలం 120 ఉందనుకోండి. కాంట్రాస్టు పెంచడమంటే మధ్య అంకె 128 నుంచి ప్రతి రంగునూ ఇంకా దూరంగా నెట్టడం. మూడింతలు నెట్టితే ఎరుపు 344 కావాలి, కానీ 255తో గోడ తగిలి అక్కడే ఆగుతుంది. ఆకుపచ్చ 194 అవుతుంది. నీలం 128 కంటే తక్కువ కాబట్టి కిందికి జారి 104కు వస్తుంది. చామనఛాయ మొహం ఒక్క దెబ్బకు నారింజ అయింది. అదే పని ఇంకోసారి చేస్తే ఎరుపు 255, ఆకుపచ్చ 255, నీలం 56. ఇప్పుడది పసుపు. మూడోసారికి నీలం సున్నా. మొహం అచ్చంగా పసుపుముద్ద.

మూకుట్లో గారె రంగు తిరిగినట్టే జరిగే ఈ మార్పును చూస్తే వేపుడు అనే పేరు ఎంత అతికిందో తెలుస్తుంది. ఆ మీద పదును పెంచే ఫిల్టరు వేస్తే గడుల అంచులు, దోమల రొద మరింత ఎగదోసుకొస్తాయి. కళ్ల మీద మెరుపు అతికించి, కన్నీళ్లు కారేలా నవ్వే ఎమోజీలు నాలుగు చల్లితే పదార్థం సిద్ధం.

అసలు కీలకం ఇక్కడే ఉంది. చేతులు మారడం వల్ల నిజంగా నలిగిన బొమ్మ ఇలా మండదు. అది మెత్తబడుతుంది, గడులు కడుతుంది, రంగు చప్పబడుతుంది. కొన్ని పాత ఆండ్రాయిడ్ ఫోన్లలో రంగుల లెక్క సరిగా లేక పదేపదే భద్రపరిచిన బొమ్మలు ఆకుపచ్చకు తిరిగేవి. చైనా కుర్రకారు అలాంటి వాటికి 'ఎలక్ట్రానిక్ నునుపు' అని పేరు పెట్టుకున్నారు. చేతులు తగిలి తగిలి పాత కొయ్యసామానుకు వచ్చే నునుపు పేరు అది. అంతేగానీ కుదింపు ఒక్కటే ఏ బొమ్మనూ నిప్పులా మండించదు. మండిందంటే ఎవరో మీట తిప్పారన్నమాటే.

ఒక్క అక్షరం కథ

2018 ఏప్రిల్‌లో ఫేస్‌బుక్ అధినేత మార్క్ జుకర్‌బర్గ్ అమెరికా కాంగ్రెస్ ముందు విచారణకు హాజరయ్యారు. వినియోగదారుల సమాచారం పరాయి చేతుల్లో పడిన వ్యవహారం అది. ప్రపంచమంతా ఆ ఫొటోలు చూసింది. అదే ఏడాది ఆ విచారణ ఫొటో మీద ఒక మీమ్ తిరిగింది. జుకర్‌బర్గ్ తల ఉండాల్సిన చోట 2001 నాటి యానిమేషన్ సినిమా 'ష్రెక్'లోని ఫార్‌క్వాడ్ అనే పొట్టి ప్రభువు తల, ఆ తలకు మార్కిప్లయర్ అనే యూట్యూబర్ మొహం అతికించారు. బొమ్మను బాగా వేయించారు. రాత ఒకే ఒక్క అక్షరం: E. అంతే. దానికి అర్థం లేదు. లక్షలమంది నవ్వారు.

పెద్దలకు చిర్రెత్తేది ఇక్కడే. ఇందులో నవ్వేందుకు ఏముంది? నిజమే, విడివిడిగా చూస్తే ఏమీ లేదు. కానీ ఆ బొమ్మ వేషం చూడండి. ప్రపంచమంతా తిరిగి, వెయ్యి ఫోన్లు మారి, ఎంతోమందికి నచ్చి భద్రపడి, నలిగి నలిగి చేరిన మహా హాస్యంలా కనిపిస్తుంది. దగ్గరికి వెళ్లి చూస్తే లోపల 'E' అనే ఒక్క అక్షరం. జాతర మైకులో స్పీకరు చిరిగిపోయేలా, ఊరు దద్దరిల్లేలా అరుపు వినిపిస్తే ఏదో ఘోరం జరిగిందని పరుగెత్తినవాడికి, అక్కడ మైకువాడు "హలో, చెక్" అంటూ కనిపిస్తే ఎలా ఉంటుంది? అలాంటిదే ఇది. మోత అంత, మాట ఇంత. ఆ తేడాయే జోకు. ఇదే బొమ్మను శుభ్రంగా, స్పష్టంగా చేసి చూపిస్తే ఎవరూ నవ్వరు. అప్పుడది అతుకుల ఫొటో మాత్రమే.

రెండో కారణం ఇంకొంచెం లోతైనది. 2007 ప్రాంతంలో పిల్లి ఫొటో మీద లావుపాటి తెల్లని అక్షరాలతో మొదలైన మీమ్‌లు పదేళ్లు తిరిగేసరికి కంపెనీల చేతికి వచ్చాయి. సబ్బు అమ్మేవాళ్లు, ఫోను అమ్మేవాళ్లు అద్దంలాంటి మీమ్‌లు వేయించి ప్రకటనలుగా వదిలారు. కుర్రకారు నవ్వును వాళ్లకే అమ్మడం మొదలైంది. ఆ దశలో వికారమే వాళ్లకు కంచె అయింది. తన సరుకు మొహం పసుపుముద్దగా, అక్షరాలు మురికిగా కనిపించడానికి ఏ కంపెనీ మేనేజరు ఒప్పుకుంటాడు? ఆ కంచె కూడా ఎక్కువకాలం నిలవలేదు. వికారాన్నే వేషంగా వేసుకున్న ప్రకటనలూ తర్వాత వచ్చాయి. వేయించిన మీమ్‌ల ఉప్పెన తగ్గడానికి అదొక కారణం. అందరికీ తెలిసిన జోకు జోకు కాదు కదా.

నాసి బొమ్మకూ ఒక విలువ ఉందన్న మాట కొత్తదేమీ కాదు. జర్మనీ కళాకారిణి హిటో స్టెయర్ల్ 2009లోనే దీని మీద ఒక వ్యాసం రాశారు. స్పష్టత పోగొట్టుకున్న బొమ్మ దానికి బదులుగా వేగాన్ని, చేరువను సంపాదించుకుంటుందని ఆమె వాదన. ఎక్కడెక్కడో తిరిగి నలిగిన బొమ్మను చూస్తే ఎంతమంది దాన్ని తమదిగా చేసుకున్నారో తెలుస్తుంది. బ్రహ్మానందం హావభావాలు ఇందుకు తెలుగువాళ్ల ఉదాహరణ. తెలుగు ముక్క రానివాళ్లు కూడా కన్నడ, తమిళ, హిందీ మీమ్‌లలో ఆ మొహాన్ని వాడుకుంటున్నారు. వాటిలో చాలా బొమ్మలు సినిమా ముక్కల నుంచి తీసిన మసక స్క్రీన్‌షాట్‌లే. ఆ మసకను ఎవరూ బాగుచేయరు. బాగుచేస్తే ఆ బొమ్మ కొత్తదానిలా కనిపిస్తుంది, పాత స్నేహితుడిలా ఉండదు.

పద్యనాటకంలో హాస్యగాడు కావాలని శ్రుతి తప్పి పాడితే జనం నవ్వేవాళ్లు. అతనికి పాట రాదని కాదు, వచ్చునని తెలుసు కాబట్టి. పాట రానివాడు అదే పని చేస్తే మొహం చిట్లించేవాళ్లు. వేయించిన మీమ్ కూడా అంతే. చెడగొట్టినవాడికి బాగుచేయడం వచ్చునని చూసేవాడికి తెలియాలి. అది తెలియని ఇంట్లోనే ఆ జోకు "సరిగా రాలేదు" అవుతుంది. కాబట్టి తప్పు తాతదీ కాదు, మనవడిదీ కాదు. మధ్యలో ఉండాల్సిన ఆ తెలివిడిదే లోటు.

నవ్వించే మసక, నమ్మించే మసక

ఇంతవరకూ అయితే పత్రికలో రాయాల్సినంత సంగతి కాదు. పేచీ ఎక్కడంటే, అదే మసకను అబద్ధం కూడా వాడుకుంటోంది. ఒక ఫొటోలో మనిషిని మార్చినా, బోర్డు మీది పేరు మార్చినా అతుకు దగ్గర తేడా తెలుస్తుంది. ఆ ఫొటోను తక్కువ నాణ్యతలో రెండుసార్లు భద్రపరిస్తే అతుకు గడుల్లో కలిసిపోతుంది. నకిలీని పట్టే నిపుణులకు కూడా ఆనవాళ్లు దొరకడం కష్టమవుతుంది. పైగా మసక బొమ్మను చూడగానే "ఎవరో దాక్కుని తీసి ఉంటారు, నిజమే అయి ఉంటుంది" అనిపించడం మనిషి బలహీనత. పుకార్లతో కొందరి ప్రాణాలు పోయాకే 2018లో వాట్సాప్ ఈ దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి అయిదు చోట్లకు మించి ఫార్వర్డ్ చేయకుండా కట్టడి పెట్టింది. 2020లో బాగా తిరిగిన సందేశాలకైతే ఒక్కచోటికే అన్నారు. సరిహద్దు ఊళ్లలో ఈ బెడద ఇంకొంచెం ఎక్కువ. ఒక భాషలోని ఫొటో ఇంకో భాష రాతతో గ్రూపులోకి వచ్చినప్పుడు, అసలు రాత చదవగలిగేవాళ్లు ఆ గ్రూపులో కొద్దిమందే ఉంటారు.

రెండింటినీ పోల్చుకునే దారి ఉంది. మొదట చూడాల్సింది మసక ఎక్కడుందని. జోకు బొమ్మ మొత్తం ఒకే తీరున, అతిగా చెడి ఉంటుంది. తాను చెడిపోయానని కేకలేసి చెబుతుంది. కానీ నవ్వు పండాల్సిన ఆ ఒక్క మాట మాత్రం చదవడానికి వీలుగానే ఉంటుంది. అబద్ధపు బొమ్మ తన చెడుగును దాచుకుంటుంది. రంగులు మామూలుగా ఉంటాయి. తేదీ, ఊరి బోర్డు, బండి నెంబరు వంటి తేల్చగలిగే చోట్లే చదవడానికి వీలుకాకుండా ఉంటాయి. కింద జోడించిన ఆరోపణ అక్షరాలు మాత్రం తళతళలాడుతుంటాయి. ఫొటో ముసలిదై, రాత పసిదై ఉంటే అనుమానించాల్సిందే.

రెండోది ఇంకా తేలిక. ఆ బొమ్మ ఏం అడుగుతోంది? 'E' అన్న బొమ్మ ఎవరినీ ఏమీ నమ్మమనదు, ఎవరిమీదా కోప్పడమనదు, పదిమందికి పంపమనదు. ఏదో ఒకటి నమ్మమని అడిగే మసక బొమ్మ వస్తే, పంపినవాళ్లను అసలు ఫొటో అడగడమే మందు. అసలుది మామూలుగా ఎక్కడో ఉంటుంది. అది చూపించలేనివాళ్ల మాట అక్కడే ఆపాలి. అయితే ఈ రెండూ పక్కా కొలతలు కావు. నిజమైన సాక్ష్యం కూడా స్క్రీన్‌షాట్‌లు తిరిగి తిరిగి మసకబారే వీలుంది. మసక ఉన్నంతమాత్రాన అబద్ధం కాదు, మసకలో నిజం తేలదంతే.

ఒత్తు పోతే మాట పోతుంది

చివరిగా, తెలుగు అక్షరానికి మాత్రమే సంబంధించిన మాట ఒకటి. ఇంగ్లీషు పెద్దక్షరం 'E'ని ఎంత వేయించినా మూడు అడ్డగీతలు, ఒక నిలువుగీత మిగులుతాయి. తెలుగు అక్షరం అలా కాదు. తలకట్టు, గుడి, కింద చిన్నగా వేలాడే ఒత్తు, వీటిలోనే మాట ప్రాణం ఉంటుంది. రాత చిన్నదైతే ఒక ఒత్తు మొత్తం ఒకే గడిలో పడిపోతుంది. ఆ గడిలో సగటు అంకె ఒక్కటే మిగిలితే ఒత్తు కాస్తా బూడిదరంగు మరక అవుతుంది. పెద్దగా రాసిన జోకు మీమ్‌లో అలా జరిగితే నష్టమేమీ లేదు, నవ్వు ఇంకాస్త పెరుగుతుంది. కానీ తెలుగు సంఘం సమావేశం కరపత్రం, బడిలో తెలుగు సెక్షన్ ప్రవేశాల నోటీసు, పెళ్లిపత్రిక కూడా అదే ఫోనులో అదే కుదింపుకు లోనవుతాయి. బళ్లారిలోనో రాయగడలోనో ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో వేరే లిపి నేర్చుకుంటున్న పిల్లవాడికి, తెలుగు రాత కంటపడేది ఎక్కువగా ఈ ఫొటోల్లోనే. ఒత్తులు చెరిగిపోయిన నోటీసుతో వాడు చదువు నేర్చుకోలేడు.

దీనికి ఖర్చు లేని ఉపాయముంది. అలాంటి కాగితాన్ని ఫొటోగా కాకుండా వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపితే కుదింపు జరగదు. 2023 నుంచి ఫొటో పంపేటప్పుడు హెచ్‌డీ అనే మీట కూడా ఉంది. అది పూర్తిగా అసలు నాణ్యత కాకపోయినా మామూలుదానికంటే మేలు. వచ్చిన నోటీసును స్క్రీన్‌షాట్ తీసి ఇంకో గ్రూపులో పెట్టే బదులు నేరుగా ఫార్వర్డ్ చేసినా సగం తెగులు వదులుతుంది.

కుర్రవాళ్లు వేయించుకోనివ్వండి. వాళ్లకు మంచి బొమ్మ ఏదో తెలుసు కాబట్టే చెడ్డబొమ్మ చూసి నవ్వగలుగుతున్నారు. ఆ తెలివిడిని తాతకు చెప్పే బాధ్యత మాత్రం మనవడిదే. "సరిగానే వచ్చింది" అని ఫోను పెట్టేయకుండా, ఎందుకు అలా చేశారో ఒక్క నిమిషం చెబితే, రేపు గ్రూపులోకి ఇంకో మసక ఫొటో, దానికింద ఏదో భయంకరమైన ఆరోపణ వచ్చినప్పుడు ఆ తాతే అందరికంటే ముందు అడుగుతారు: "ఇది చెడిపోయిందా, చెడగొట్టారా?"